ఉప్పునీళ్ళ గ్లాసు కింద పెట్టు

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఉరుమక్క అనేవారు. మొదట్లో చాటుగా అనుకునేవారు. ఆ చాటు మాట ఎలాగో ఆమె చెవిన పడింది. "పిలిచేదేదో నాకు వినపడేట్టు పిలవడానికి మీకేం రోగం?" అని వార్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా దద్దరిల్లేలా అడిగింది. ఆ రోజు నుంచి మొహం మీదే పిలవడం మొదలుపెట్టారు.

ఆ గొంతు ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. తండ్రి బస్సుల మరమ్మతు షెడ్డులో మెకానిక్కు. ఇల్లు షెడ్డు గోడకు ఆనుకునే ఉండేది. ఆ ఇంజన్ల రొదలో మంచినీళ్ళు కావాలని అడగాలన్నా గొంతు చించుకోవాల్సిందే. అలా పెరిగిన పిల్ల నర్సయింది, పెళ్ళి చేసుకుంది. భర్త గడియారాలు బాగుచేసే మనిషి. రోజంతా కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి గట్టిగా వదిలితే చక్రాలు ఎగిరిపోతాయేమోనన్నట్టు కూర్చుంటాడు. "మా ఇంట్లో మాటలన్నీ ఒకళ్ళకే రాసిపెట్టాడు దేవుడు, నేను వినేవాణ్ణి" అని నవ్వేవాడు.

చాలా ఏళ్ళు ఆమె అత్యవసర విభాగంలో పనిచేసింది. నెత్తురు చూసి బెదరలేదు, చావు చూసి బెదరలేదు. కానీ తెలివితక్కువ పని చేసి పిల్లల్ని మోసుకొచ్చేవాళ్ళని చూస్తే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. ఒకసారి ఒక తండ్రి ఫినాయిలు తాగిన కొడుకును భుజాన వేసుకుని వచ్చాడు. పొద్దున తాగితే సాయంత్రం తెచ్చాడు. మధ్యలో ఇంట్లో కూర్చోబెట్టి, నోట్లో వేళ్ళు పెట్టి, మళ్ళీ మళ్ళీ కక్కించాడు. కడుపులో ఉన్నది వాంతిలో పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారింది. పిల్లవాడు బతికాడు గానీ నెల రోజులు మంచం దిగలేదు. ఉరుమక్క ఆ తండ్రిని వరండాలో నిలబెట్టి కడిగేసింది. పదిమంది గుమిగూడారు. ఆ తండ్రి పైవాళ్ళకు ఫిర్యాదు చేశాడు. పైవాళ్ళు ఆమెను పిలిచి, నీ పనిలో వంక లేదు, నీ నోటితోనే చిక్కు అన్నారు. మేడమీదున్న ఫోన్ గదికి మార్చారు.

ఆ గదికి బయట బోర్డు మీద విష సమాచార కేంద్రం అని ఉంటుంది. లోపల రెండు బల్లలు, నాలుగు ఫోన్లు, మందుల, రసాయనాల వివరాలున్న రెండు కంప్యూటర్లు, రంగు పెచ్చులూడిన ఒక కిటికీ. ఎవరింట్లోనైనా ఎవరైనా తాగరానిది తాగితే, తినరానిది తింటే ఇక్కడికి ఫోన్ చేస్తారు. ప్రతి మాటా రికార్డవుతుంది. గదికి పెద్దయిన ఇన్‌ఛార్జి మొదటి రోజే ఆమెకు ఒకే ఒక నియమం చెప్పాడు.

"అవతలివాళ్ళు వణికిపోతుంటారు సిస్టర్. మన గొంతు వాళ్ళకు పట్టుకోవడానికి గోడలా ఉండాలి. గొంతు పెంచితే గోడ కూడా వణికినట్టే."

ఆయన చెప్పింది నిజమేనని ఆమెకు తెలుసు. ఒళ్ళు మండిందీ అందుకే. ఎదుటివాడు తప్పుగా చెబితే పోట్లాడొచ్చు, సరిగ్గా చెబితే ఏం చేస్తాం? ఆమె గొంతు దించింది. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. కాళ్ళలోకి దిగింది. ఫోన్ మీద మెల్లగా, చల్లగా మాట్లాడుతూ బల్ల కింద ఇనుప కాలిని చెప్పుతో తన్నేది. ఆ కాలికి రంగంతా రాలి నిగనిగలాడుతూ ఉండేది. ఎదురు బల్ల దగ్గర కూర్చునే ఫార్మసిస్టు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన, ఆ చప్పుడు వింటే చాలు ఏ రకం ఫోనో చెప్పేసేవాడు.

"ఇది పిల్లల కేసు" అనేవాడు తల ఎత్తకుండానే.

ఆ రోజు మధ్యాహ్నం ఫోన్ మోగినప్పుడు అవతల ముందు వినపడింది మాట కాదు, ఏడుపు. పిల్ల ఏడుపు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఆగి ఆగి వస్తున్న ఏడుపు. దాని మీద ఒక మగగొంతు.

"అమ్మా, మా పాప... చిట్టి... సింకులో పోసేది తాగేసిందమ్మా. పైపు మూసుకుపోతే పోస్తారే, అది. ఇప్పుడే, ఇప్పుడే తాగింది."

"పాపకెన్నేళ్ళు?"

"నాలుగు."

"తెలివిలోనే ఉందా? ఊపిరి బాగా తీస్తోందా?"

"ఏడుస్తోందమ్మా."

"ఏడవనీయండి. ఏడుస్తోందంటే ఊపిరి ఆడుతోందని. మీరు పాపకేమవుతారు?"

"నాన్నని. గోడలకు పెయింట్ వేస్తాను."

"సరే నాన్నా, నేను చెప్పినట్టు చేద్దాం, ఇద్దరం కలిసి చేద్దాం. ఇల్లెక్కడ చెప్పండి." అతను చెప్పిన వీధి పేరును ఆమె పైకి అంది. ఫార్మసిస్టు అప్పటికే రెండో ఫోన్ ఎత్తి అంబులెన్స్‌కు చెబుతున్నాడు.

"సీసా మీద ఏం రాసుంది?"

అవతల సీసా ఎత్తి తిప్పి చూసిన చప్పుడు.

"నారింజ రసం అని రాసుందమ్మా."

"ఏంటి?"

"కూల్‌డ్రింకు సీసా అమ్మా అది. కొట్టువాడు డ్రమ్ములోంచి తీసి అందులో పోసి అమ్ముతాడు. రంగు కూడా కొంచెం అలాగే ఉంటుంది. థిన్నర్లూ అవీ నేను ఎప్పుడూ అటక మీదే పెడతానమ్మా, పిల్ల ఉందని. ఇది ఇప్పుడే పోద్దామని కింద పెట్టాను. చేతికి తొడుగు తెచ్చుకుందామని లోపలికెళ్ళాను. అంతే."

బల్ల కాలు ఠంగుమంది. ఫార్మసిస్టు ఈసారి తల ఎత్తాడు. లోపలున్నది ఆమ్లమో, క్షారమో, ఎంత ఘాటుదో చెప్పే ముక్క ఒక్కటి లేదు. కంప్యూటర్లో వెతకడానికి పేరంటూ ఉంటే కదా. ఆ డ్రమ్ముగాడు ఆ క్షణంలో ఎదురుగా ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు. గొంతు మాత్రం మంచులా ఉంది.

"ముందు పాప నోట్లో ఇంకా ఏమైనా మిగిలుంటే తడిగుడ్డతో తుడిచేయండి. నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయడం వచ్చా పాపకి?"

"ఉమ్మడం లేదమ్మా. నోరు తెరిచి పెట్టుకుంది. చొంగ కారిపోతోంది. మింగడం లేదు."

ఉరుమక్క కళ్ళు మూసుకుని తెరిచింది. చొంగ మింగలేకపోతోందంటే మంట లోపలిదాకా దిగిందన్నమాట.

"అయితే పుక్కిలించొద్దు. గుడ్డతో తుడవండి చాలు. నోట్లో ఇంకేమీ పోయకండి. నీళ్ళొద్దు, పాలొద్దు. మామూలుగా మింగగలిగితే ఒకటి రెండు గుక్కల నీళ్ళు ఇమ్మని నేనే చెప్పేదాన్ని. ఇప్పుడొద్దు. బట్టల మీద పడిందా?"

"గౌను ముందంతా తడిసింది."

"గౌను విప్పేయండి. తల మీంచి లాగకండి, మొహానికి అంటుతుంది. కత్తిరించేయండి. కుళాయి కింద ఛాతీ, మెడ, చేతులు కడగండి, నీళ్ళు ధారగా పోనివ్వండి. కళ్ళలో పడలేదు కదా? కన్ను నలుపుకుంటోందా?"

"లేదు, లేదు." నీళ్ళ చప్పుడు వినపడింది. అతను చెప్పిందల్లా చేస్తున్నాడు, మంచివాడే. అంతలో ఇంకో గొంతు ఫోన్‌లోకి దూసుకొచ్చింది. ఉరుమక్క గొంతుకు ఏమాత్రం తీసిపోని ఆడగొంతు.

"నీళ్ళతో కడుగుతూ కూర్చుంటావేంట్రా! లోపలికెళ్ళింది బయటికి రావొద్దా? ఉప్పునీళ్ళు కలిపాను. పట్టు దాన్ని, తల వెనక్కి వంచు. రెండు వాంతులైతే మొత్తం వచ్చేస్తుంది."

"ఎవరు నాన్నా అది?"

"మా అక్కమ్మా. పాపను తనే చూసుకుంటుంది, నా భార్య పనికెళితే."

"అక్కతో చెప్పండి, వాంతి చేయించకూడదు. అది లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి కాల్చింది. పైకొచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. ఊపిరిగొట్టంలోకి పోతే ఇంకా ప్రమాదం. ఉప్పునీళ్ళు అసలే వద్దు, చిన్నపిల్లకు ఉప్పే విషమవుతుంది."

అతను చెప్పాడు. అక్క వినలేదు.

"ఫోన్‌లో ఎవరో చెప్పేదేంటి? మీ ముగ్గుర్నీ పెంచింది నేను కాదూ? పోనీ నిమ్మకాయ పిండుతా. ఇలాంటివాటిలో ఉండేది సోడాయే, దాన్ని పులుపు విరిచేస్తుంది."

"పులుపూ వద్దు. రెండూ కలిస్తే లోపల వేడి పుడుతుంది." ఉరుమక్క చెబుతూనే ఉంది. ఎవరూ వినడం లేదు. ఫోన్ ఎక్కడో బల్లమీద పెట్టినట్టున్నారు. స్పీకరు మాత్రం తెరిచే ఉంది. గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు. పెనుగులాట. "పట్టుకోరా, ముక్కు మూయి" అన్న మాట. పిల్ల ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై దగ్గింది.

ఇన్‌ఛార్జి చెప్పిన నియమం, వరండాలో గుమిగూడిన జనం, ఫిర్యాదు కాగితం, అన్నీ ఆమె కళ్ళముందు తిరిగాయి. తిరిగి పోయాయి. ఉరుమక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.

"గ్లాసు కింద పెట్టు!"

ఫార్మసిస్టు చేతిలోంచి ఫోన్ జారింది. పక్క గదిలో టైపు చేస్తున్నవాళ్ళు ఆగిపోయారు. కిటికీ మీదున్న పావురాలు లేచిపోయాయి.

"ఆ గ్లాసు ఇప్పుడే కింద పెట్టు! పిల్లను చంపుకుంటావా? ఒక్క చుక్క పోశావంటే ఆ పిల్ల గొంతు మూసుకుపోతుంది! కింద పెట్టు!"

అవతల ఏదో గచ్చు మీద పడి పగిలింది. ఆ వెంటనే చిట్టి ఏడుపు మళ్ళీ మొదలైంది.

"పడేసిందమ్మా," అన్నాడు పెయింటరు. ఏడుస్తున్నాడు.

"ఏమన్నా మింగిందా?"

"లేదు. పెదాలకు తగిలిందంతే."

ఉరుమక్క కూర్చుంది. మళ్ళీ గొంతు దించింది. ఆ దించడంలో ఎంత బలం ఖర్చయిందో, రేవు నుంచి బస్తా మోసినంత ఆయాసం వచ్చింది.

"మంచి పని చేశారు. ఇప్పుడు గాజుముక్కలకు దూరంగా వచ్చి కూర్చోండి. పాపను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి, కాస్త ముందుకు వంచి, చొంగ బయటికి కారేట్టు. వెల్లకిలా పడుకోబెట్టకండి. మత్తుగా అయిపోతే మాత్రం పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గొంతు బొంగురుపోయినా, ఊపిరి తీస్తుంటే ఈలలా, గురకలా వినిపించినా వెంటనే నాకు చెప్పండి. అక్కను పిలవండి."

"అక్కా, నిన్నే."

"ఏంటి?" ఆ గొంతులో ఇంతకుముందున్న ధీమా లేదు.

"మీరు ఆ సీసాకు మూత గట్టిగా బిగించి, నిలబెట్టి, ఒక సంచిలో పెట్టండి. చేతికి తగలనీయకండి. అంబులెన్స్‌లో సీసా కూడా రావాలి. ఇప్పుడు మీరు చేయగలిగే పెద్ద సాయం అదే."

అంబులెన్స్ కూత ఫోన్‌లో వినిపించేదాకా ఉరుమక్క మాట్లాడుతూనే ఉంది. కూత ఆగాక, మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించాక, ఇక మాట్లాడేందుకేమీ లేక ఫోన్ పెట్టేసింది. ఫార్మసిస్టు ఆమె ముందు ఒక గ్లాసు నీళ్ళు పెట్టాడు.

"రికార్డయిపోయింది కదా," అంది ఆమె.

"అది రికార్డు కాకపోయినా పర్లేదు. కింద గేటు కాపలావాడికి కూడా వినపడే ఉంటుంది."

డ్యూటీ దిగగానే ఆమె ఇంటికి పోలేదు. కింద అత్యవసర విభాగానికి వెళ్ళింది. చిట్టిని లోపలికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ సీసాలోంచి ఒక చుక్క తీసి పరీక్ష కాగితం మీద వేస్తే కాగితం ముదురు నీలం రంగుకు తిరిగింది. ఘాటైన క్షారం. కడుపు కడగరు, గొట్టం గుడ్డిగా దించరు, మందేసి వాంతి చేయించరు. ఊపిరి దారి తెరుచుకుని ఉందో లేదో కనిపెట్టుకుంటూ, సెలైన్ పెట్టి, నొప్పికి మందిచ్చి, మత్తు డాక్టరును పిలిపించారు. కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో అన్నవాహిక లోపల చూడాలి. పొద్దున్నే చూస్తామన్నారు.

బయట బెంచీ మీద ముగ్గురున్నారు. తల మీద ఇంకా సున్నం చుక్కలున్న పెయింటరు. కుట్టుపని ఫ్యాక్టరీ నుంచి యూనిఫాం ఆప్రాన్‌తోనే పరుగెత్తుకొచ్చిన పిల్ల తల్లి. ఎత్తుగా, బలంగా ఉన్న ఒక పెద్దావిడ. ఆవిడే ఆ అక్క అని అడక్కుండానే తెలిసిపోయింది.

తల్లి భర్త మీద విరుచుకుపడుతోంది. "సీసా నేలమీద పెట్టి పోతావా? నీకు కళ్ళు లేవా? మిగతా డబ్బాలన్నీ అటక మీద పెడితే ఏం లాభం?"

"సింకు పొంగుతోందని నువ్వేగా వారం నుంచి చెవిలో పోరుతున్నావు!"

"సింకు బాగుచేయమన్నాను, పిల్లను కాల్చమనలేదు!"

"ఇద్దరూ నోళ్ళు మూయండి," అంది అక్క. "పెదవి చూశాను నేను. కొంచెం ఎర్రగా ఉంది, అంతే. దానికింత హంగామా. ఇంట్లోనే తగ్గిపోయేది."

ఉరుమక్క అక్కడే ఆగిపోయింది.

"పెదవి బాగుందంటే గొంతు బాగుందని కాదు," అంది. "పైకి ఏమీ కనపడకుండా లోపలంతా కాలినవాళ్ళను నేను ఈ వరండాలోనే చూశాను."

అక్క తల తిప్పింది. ఆ గొంతు గుర్తుపట్టింది. మెల్లగా లేచి నిలబడింది.

"నువ్వేనా? ఫోన్‌లో నన్ను పట్టుకుని పిల్లను చంపుకుంటావా అన్నది నువ్వేనా?"

"నేనే."

"ఎవరనుకుంటున్నావు నన్ను? నా ఒళ్ళో పెరిగింది ఆ పిల్ల. రాత్రీ పగలూ నేనే చూసుకుంటున్నాను. నన్ను హంతకురాల్ని చేస్తావా నువ్వు? నా తమ్ముడి ముందు!"

"చేయబోయావు కాబట్టి అన్నాను."

"తెలీక చేశాను!"

"తెలీనప్పుడు వినాలి! వినమని మొదట మెల్లగానే చెప్పాను. మెల్లగా చెబితే ఎవరు విన్నారు?"

ఇద్దరి గొంతులూ వరండాలో ఢీకొన్నాయి. ఒక నర్సు తలుపు తీసి చూసి, ఉరుమక్కను చూసి, తలుపు మూసేసింది. పెద్దావిడ బెంచీ మీద కూలబడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉంది.

"మా అమ్మ నాకు అలాగే చేసింది," అంది చివరికి. "చిన్నప్పుడు ఏవో కాయలు తింటే ఉప్పునీళ్ళు పోసింది. నేను బతికాను. అదే తెలుసు నాకు. ఇంకేం తెలుసు?"

ఉరుమక్కకు జాలి కలగలేదని కాదు. కలిగింది. కానీ కోపం దాని మీదికెక్కి కూర్చుంది. భర్తను తిట్టే భార్య, భార్యను తిట్టే భర్త, ఇద్దరినీ తిట్టే ఆడబిడ్డ, ముగ్గురినీ తిట్టడానికి మేడ దిగివచ్చిన తను. ఇంతమంది ఇక్కడ ఒకరినొకరు పీక్కుతింటున్నారు. నారింజ రసం సీసాలో ఆ నీళ్ళు పోసి అమ్మినవాడు మాత్రం ఈపాటికి కొట్టు కట్టేసి హాయిగా భోంచేస్తూ ఉంటాడు.

"ఆ కొట్టెక్కడ?" అని అడిగింది.

మర్నాడు కెమెరాతో చూశారు. అన్నవాహిక మధ్యలో చుట్టూరా పుండు. చిల్లు పడలేదు, అదే అదృష్టమన్నారు డాక్టరమ్మ. కళ్ళతో చూస్తూనే సన్నటి ఆహారపు గొట్టం దించారు. నోటితో ఏమీ ఇవ్వొద్దన్నారు. పుండు మానేటప్పుడు బిగుసుకుని దారి సన్నబడొచ్చని, అలా అయితే మళ్ళీ మళ్ళీ వెడల్పు చేయాల్సి ఉంటుందని కూడా చెప్పారు. వాంతి జరిగుంటే ఏమయ్యేదో ఎవరూ అడగలేదు. అక్క మాత్రం తలుపు దగ్గర నిలబడి అంతా వింది.

సెలవు రోజున ఉరుమక్క యూనిఫాం లేకుండా ఆ కొట్టుకు వెళ్ళింది. ఇరుకు వీధి, మూలమీద కొట్టు. బయట చెక్క మెట్ల మీద వరసగా సీసాలు పేర్చాడు. పై వరసలో నిజం కూల్‌డ్రింకులు. కింది వరసలో నేల తుడిచేవి, సింకులో పోసేవి, పాత కూల్‌డ్రింకు సీసాల్లోనే. మూతలు కూడా అవే. కింది వరస సరిగ్గా నాలుగేళ్ళ పిల్ల చేతికందే ఎత్తులో ఉంది.

"ఇది తాగొచ్చా?" అంది ఒక సీసా ఎత్తి చూపుతూ.

కొట్టువాడు నవ్వాడు. "అయ్యో, అది సింకుదండి. తాగేది పైన."

"ఎలా తెలుస్తుంది?"

"అందరికీ తెలుసండి."

"నాలుగేళ్ళ పిల్లకు తెలుసా?"

అతని నవ్వు ఆగింది. సంగతి అతని చెవిన కూడా పడినట్టుంది. "చూడండమ్మా, పిల్లల్ని చూసుకోవాల్సింది పెద్దవాళ్ళు. సీసా నేల మీద పెడితే నాదా తప్పు? కంపెనీ డబ్బా కొనమంటే రేటెక్కువంటారు. చవగ్గా ఇస్తుంటే మళ్ళీ నా మీదే పడతారు."

"దీంట్లో ఏముంది? పేరు చెప్పు."

"డ్రమ్ములో వస్తుందండి. నాకేం తెలుసు?"

"ఏముందో తెలీనిది సీసాలో పోసి, తాగేదని రాసున్న సీసాలో పోసి, తాగే సీసాల కింద పెట్టి అమ్ముతావా?"

గొంతు పైకి లేచింది. ఇక్కడ నియమాల్లేవు, రికార్డింగు లేదు. వీధిలో వెళ్ళేవాళ్ళు నిలబడ్డారు. కొట్టువాడు కూడా గొంతు పెంచాడు. ఎవరు నువ్వు, నీకేంటి సంబంధం, మీ పిల్లా ఏంటి అన్నాడు.

"ఆవిడ పిల్ల కాదు. నా పిల్ల!"

ఆ కేక వెనకనుంచి వచ్చింది. జనాన్ని తోసుకుంటూ చిట్టి మేనత్త. ఆసుపత్రి నుంచి ఇంటికి బట్టలు తెచ్చుకోవడానికి వచ్చి, వీధి మొదట్లోనే ఉరుమక్క గొంతు విన్నది. ఆ గొంతు ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోవడం కష్టం.

"నా మేనకోడలు మంచినీళ్ళు మింగలేక ముక్కులో గొట్టంతో పడుంది. నాకేం తెలుసు అంటావా? నాకూ ఏం తెలీదురా. నేను ఆ పిల్ల ముక్కు మూసి ఉప్పునీళ్ళు పోయబోయాను. నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను ఇంతమందిలో. నువ్వు ఒప్పుకో!"

అతను ఒప్పుకోలేదు. లోపలికి వెళ్ళబోయాడు. మేనత్త ఒక్కొక్క సీసా తీసి, మూత తీయకుండా, కొట్టు ముందు నేల మీద వరసగా పెట్టడం మొదలుపెట్టింది. ఉరుమక్క కూడా చేయి వేసింది. నిలబడి చూస్తున్న ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తమ ఇళ్ళకు పోయి, తమ బాత్రూముల్లో ఉన్న ఇలాంటి సీసాలే తెచ్చి ఆ వరసలో పెట్టారు. రంగురంగుల సీసాలు, నారింజవి, ఆకుపచ్చవి, నిమ్మపండు బొమ్మవి. ఒక పిల్లవాడు వరస చూసి, ముచ్చటపడి, ఒకదాని మీద చేయి వేశాడు. వాళ్ళమ్మ వాణ్ణి చటుక్కున వెనక్కి లాగింది. ఆ ఒక్క లాగుడూ గుంపంతా చూసింది. కొట్టువాడు కూడా చూశాడు.

నగరపాలక కార్యాలయం నుంచి మనుషులు రావడానికి మూడు సార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. మూడుసార్లూ ఉరుమక్కే చేసింది. డ్రమ్ము తీసుకుపోయారు, జరిమానా వేశారు. ఆ కొట్టులో మళ్ళీ అలాంటివి అమ్మలేదు. రెండు వీధుల అవతల ఇంకో కొట్టులో అమ్ముతున్నారని తర్వాత తెలిసింది. అక్కడికీ వెళ్ళింది.

ఈలోగా ఇన్‌ఛార్జి పిలిచాడు. రికార్డింగు వినిపించాడు. "గ్లాసు కింద పెట్టు" దగ్గర చెవులకు చేతులడ్డం పెట్టుకున్నాడు.

"సిస్టర్, మీకు హెచ్చరిక ఇవ్వక తప్పదు. ఒకరోజు ఇలాగే అరిస్తే అవతలివాళ్ళు ఫోన్ పెట్టేస్తారు. అప్పుడు పిల్లకు ఎవరూ లేరు."

"అది నిజమే సార్."

"మరి?"

"హెచ్చరిక ఇవ్వండి. తీసుకుంటాను. మళ్ళీ అలాంటి గ్లాసు చప్పుడు వినిపిస్తే మాత్రం మళ్ళీ అరుస్తాను. ముందే చెబుతున్నాను."

ఆయన రికార్డింగు ఆపి, హెచ్చరిక ఇచ్చాడు.

చిట్టికి పుండు మానింది. మానుతూ మానుతూ డాక్టరమ్మ భయపడ్డట్టే బిగుసుకుంది. ముక్కులో గొట్టం తీశాక మెత్తటి జావ దిగింది గానీ గట్టివేవీ దిగలేదు. మత్తిచ్చి, సన్నటి బుడగలాంటిది లోపల ఉబ్బించి, దారి వెడల్పు చేశారు. కొన్నాళ్ళకు మళ్ళీ బిగిసింది, మళ్ళీ చేశారు. ప్రతిసారీ మేనత్తే ఎత్తుకొచ్చేది. వచ్చినప్పుడల్లా వరండాలో కొత్తవాళ్ళు ఎవరు పిల్లలతో కనిపించినా పక్కన కూర్చుని, వాంతి చేయించలేదు కదా, సీసా తెచ్చారా అని అడిగేది. కొందరు విసుక్కునేవారు. ఆవిడ పట్టించుకునేది కాదు.

ఎండలు ముదిరిన ఒక రోజు, మరో విడత అయ్యాక, పెయింటరూ అతని భార్యా చిట్టిని మేడమీదికి, ఫోన్ గదికి తీసుకొచ్చారు. ఫార్మసిస్టు తన డబ్బాలోంచి ఒక బిస్కట్టు తీసి ఇచ్చాడు. పిల్ల తండ్రి మొహం చూసింది. అతను తలూపాడు. చిన్న ముక్క కొరికి, చాలాసేపు నమిలింది. మిగతా పిల్లలు నమిలినట్టు కాదు. లోపల ఎక్కడో ఆగిపోతుందేమోనని తనే కనిపెట్టుకుంటున్నట్టు, కళ్ళు ఒకచోట నిలిపి, మెడ కొంచెం చాచి నమిలింది. మింగింది. దిగిందో లేదో ఒక క్షణం ఆగి చూసుకుంది. దిగింది. అప్పుడు రెండో ముక్క కొరికింది.

"ఇప్పుడు అన్నీ తింటోందమ్మా," అన్నాడు పెయింటరు సంతోషంగా.

"మంచిది," అంది ఉరుమక్క. నాలుగేళ్ళ పిల్ల బిస్కట్టు తినడానికి అంత జాగ్రత్తగా ఉండాల్సి రావడం చూస్తుంటే ఆమెకు కళ్ళనీళ్ళు రాలేదు. బల్ల కింద చెప్పు మాత్రం ఇనుప కాలిని వెతుక్కుంది.

"ఏంటా చప్పుడు?" అంది చిట్టి.

"కోపం," అన్నాడు ఫార్మసిస్టు తల ఎత్తకుండానే.

"నామీదా?"

"నీమీద కాదమ్మా," అంది ఉరుమక్క. "నువ్వు తిను. మెల్లగా తిను."

పిల్ల తిన్నంతసేపూ ఆమె అలాగే చూస్తూ కూర్చుంది.